డోడోని తిన్నదెవరు

నా చేతికిచ్చిన ఫ్లెక్సీలో డోడో పక్షి పెళ్ళిభోజనానికి వచ్చిన పెద్దమనిషిలా బొర్ర వేసుకుని నిలబడి ఉంది. పక్కన దుడ్డుకర్ర పట్టుకున్న నావికుడు. రెండో సగంలో ఆకాశం నిండా పావురాలు, కింద తుపాకులు. రెంటికీ కలిపి ఎర్రటి అక్షరాల్లో ఒకటే మాట రాయించారు: "మనిషి తిన్నాడు, పక్షి పోయింది". పక్షుల్ని కాపాడాలని నెల్లూరు నుంచి వచ్చే కుర్రాళ్ళ సంఘం వేయించింది దాన్ని. మైపాడు దాటాక ఉన్న ఒక పట్టపు పల్లెలో, అంటే సముద్రం మీద చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో, హైస్కూల్లో నేను బయాలజీ చెబుతాను కాబట్టి, ఊరివాళ్ళకి ఆ బొమ్మ వివరించే పని నా మీద పడింది.

ఐసు షెడ్డు ముందర నిలబడి వివరించాను. ఉన్నది ఉన్నట్టు చదివేశాను, అంతే. మారిషస్ దీవికి ఓడలొచ్చాయి, ఎగరలేని డోడోని తిన్నారు, పోయింది. అమెరికాలో సంచార పావురాలు కోట్లకు కోట్లు ఉండేవి, కాల్చారు, పోయాయి. పెద్దకాపు ముందు వరసలో కూర్చుని తల ఊపాడు. పట్టపు పల్లెల్లో ఊరి పెద్దల్ని కాపులంటారు. వాళ్ళు కూర్చుని ఒక కట్టుబాటు పెడితే దాన్ని దురాయి అంటారు. దురాయి దాటినవాళ్ళకి ఊళ్ళో ఎవరూ చేప అమ్మరు, కొనరు. పోలీసు స్టేషను దూరం, దురాయి దగ్గర.

ఆ రోజు దురాయి వేశారు. తిప్ప మీద తెల్లపిట్టల గుడ్లు ఎవరూ ముట్టుకోకూడదు.

తిప్ప అంటే ఉప్పుకాలువ సముద్రంలో కలిసే చోట పొడుగ్గా సాగిన ఇసుకమేట. ఎండాకాలం వచ్చిందంటే చిన్న చిన్న తెల్లపిట్టలు, ఇంగ్లీషులో టెర్న్‌లంటారు, అక్కడ వట్టి ఇసుకలో చిన్న గుంట చేసుకుని గుడ్లు పెడతాయి. పుల్ల లేదు, ఆకు లేదు. ఇసుక రంగులోనే మచ్చల గుడ్లు. మనం వాటి మీదే కాలేసినా తెలియదు. ఆ పిట్టలంటే ఊరికి వట్టి జాలే కాదు, అవసరం కూడా. ఒడ్డుకు దగ్గర్లో అవి గుంపుగా ఎక్కడ మునుగుతుంటే అక్కడ నెత్తళ్ళనే చిన్నచేపలున్నట్టు లెక్క. అందుకే దురాయికి ఎవరూ ఎదురు చెప్పలేదు. నేను కూడా ఒక మంచి పని చేశానని పొంగిపోయి ఆటో ఎక్కాను.

వేట నిషేధం మొదలైంది. ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు మరబోట్లు సముద్రం మీదికి పోకూడదు కదా, బోట్లన్నీ ఒడ్డెక్కి పడుకున్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, లేదంటే పేకాడుకుంటూ కూర్చున్నారు. చేతినిండా తీరిక ఉన్న ఊరికి ఏ గొడవైనా పెద్దదిగానే కనిపిస్తుంది. తిప్ప మీద గుడ్లు మాయమవుతున్నాయన్న వార్త అప్పుడే పుట్టింది.

ఆ వార్త నాకు చెప్పింది, దానివల్ల చెడబోతున్న మనిషే. బస్టాపులో నిలబడి ఉన్నాను. యాభై ఏళ్ళావిడ, నెత్తిన ఖాళీ గంపతో గబగబా వచ్చి నా ఎదుట ఆగింది. ఆమెని ఎరుగుదును. తిప్ప మొదట్లో ఎండుచేపలు ఆరేసుకుంటుంది. భర్త లేడు. రెండువైపులా గాలి కొట్టే శుభ్రమైన ఇసుక అక్కడ. ఆ చేప తెల్లగా, మట్టి లేకుండా ఆరుతుందని నెల్లూరులో దానికోసమే అడిగి కొంటారు.

"ఏం టీచరమ్మా, నేను గుడ్లు తిన్నానంట. మీరు చెప్పినారంట గదా, మనుషులే తిని పోగొట్టినారని!"

"నేను నీ పేరు చెప్పలేదే అక్కా."

"పేరేంటికి? తిప్ప కాడ ఉండే మనిషి ఇంకెవురుండారు? నా పాక కాడ గుడ్డుపెంకులు చూసినారంట. ఆదివారం కూర్చుంటారంట. దురాయి దాటినానని తేల్చినారంటే నాకు చేప అమ్మేదెవురు? నేను ఆరేసుకునేదేంది, మీ ఫ్లెక్సీనా?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు. ఫ్లెక్సీ మీద, పేకముక్కల మీద. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఈమె ఇంత అరుస్తోందేమిటని బస్టాపులో ఒకాయన గొణిగితే ఆయన మీద కూడా. కానీ కోపం కింద ఒక దురద మొదలైంది. అసలు డోడోని తిన్నదెవరు? నేను అంత ధైర్యంగా చదివేసిన మాటకి ఆధారమేమిటి?

ఆ రాత్రి నుంచి పుస్తకాలు ముందేసుకున్నాను. ఎంఎస్సీ చదివినప్పటి తిండిబోతుతనం మళ్ళీ పట్టుకుంది నన్ను. అన్నం చల్లారిపోయిందని మా ఆయన రెండుసార్లు గుర్తు చేశాడు.

మొదటి వింత ఏమిటంటే, డోడో కూడా పావురమే. అంటే పావురాల వంశమే. ఫ్లెక్సీ మీద అటో బొమ్మ, ఇటో బొమ్మ వేశారు గాని, ఆ రెండూ దాయాదులు. డోడో తాతలు ఎప్పుడో ఎగురుకుంటూ దీవులకి చేరాయి. నేల మీద వాటిని తరిమే జంతువే లేకపోయేసరికి ఎగరాల్సిన పని తప్పి, ఒళ్ళు పెరిగి, రెక్కలు చిన్నవైపోయాయి. మనిషిని చూసి పారిపోలేదంటే తెలివితక్కువ కాదు, భయం నేర్చుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నావికులు కొట్టి తిన్న మాట నిజమే. కానీ ఆ తొలి రోజుల్లో దీవిలో కాపురమున్న మనుషులు చాలా తక్కువ. ఆ కొద్దిమంది పెద్ద దీవంతా గాలించి అన్నిటినీ తినేశారంటే నమ్మబుద్ధి కాలేదు. నమ్మదగిన సంగతి ఓడల అడుగున ఉంది. ఎలుకలు అడక్కుండానే దిగాయి. పందుల్ని, మేకల్ని తిండికోసం మనుషులే దింపారు. కోతులు, పిల్లులు, కుక్కలు చేరాయి. డోడో నేల మీద పెట్టేది ఒకే ఒక్క గుడ్డని అంటారు. ఆ ఒక్కదాన్ని పంది తొక్కినా, కోతి తాగినా ఆ ఏడాది పంట పోయినట్టే. పెద్ద పక్షులు కళ్ళ ముందు తిరుగుతూనే ఉంటాయి, పిల్లలే రావు. మనిషి తిన్న డోడో అందరికీ కనిపించింది, పంది తిన్న గుడ్డు ఎవరికీ కనపడలేదు. అడవి కొట్టేయడం కూడా తోడైంది. ఓడలు రావడం మొదలైన నూరేళ్ళలోపే పక్షి లేదు.

సంచార పావురం కథ దీనికి తలకిందులు. అక్కడ కొత్తగా దిగిన జంతువు మీద నెపం పెట్టడానికి లేదు. అక్కడ చంపింది మనిషే, అదీ వ్యాపారానికి. ఆ పక్షి గుంపులుగా వస్తే పొద్దు కనపడేది కాదట. గుంపే దాని కోట. ఒకేచోట లెక్కలేనన్ని గూళ్ళు పెడితే డేగలు, నక్కలు ఎన్ని తిన్నా ఇంకా మిగిలేవి. తుపాకులవాడికి అదే వరమైంది. గూళ్ళు ఎక్కడున్నాయో టెలిగ్రాఫు చెప్పేది, రైలు వేటగాళ్ళని అక్కడ దింపేది, పీపాల్లో కుక్కిన పావురాల్ని అదే రైలు పట్నాలకి మోసేది. గూళ్ళలో పిల్లల్ని కూడా కర్రలతో రాల్చారు. పిల్లలే ఎదగకపోతే ముసలివి ఎన్నాళ్ళుంటాయి? ఇంకోపక్క వాటికి కాయలిచ్చే పెద్ద చెట్ల అడవుల్ని పొలాల కోసం నరికారు. చివరికి చట్టాలు చేశారు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఇక్కడ నన్ను ఆపిన సంగతి ఒకటుంది. వేట గిట్టుబాటు కాక తగ్గిపోయాక కూడా చిన్న చిన్న గుంపులు మిగిలాయి. అయినా అవి మళ్ళీ పెరగలేదు. కొద్దిగా మిగిలితే చాలదు ఆ జాతికి. ఆఖరి పావురం ఒక జంతుప్రదర్శనశాల బోనులో ఒంటరిగా చనిపోయింది, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది.

తిలా పాపం తలా పిడికెడు అంటాం. కానీ పిడికిళ్ళు అందరివీ ఒక సైజు కావు. డోడో విషయంలో పెద్ద పిడికిలి ఓడలో దిగిన జంతువులది, పావురం విషయంలో వేటగాడిది, అడవి నరికినవాడిది రెండింటిలోనూ ఉంది. మరి మా తిప్ప మీద పెద్ద పిడికిలి ఎవరిది? అది కనుక్కోకుండా ఒక ఆడమనిషి కూడు తీయడానికి కూర్చుంటున్నారు.

మర్నాడు బడి అయ్యాక పెద్దకాపు ఇంటికి పోయాను. ఆయన వల అల్లుతూ, తల ఎత్తకుండా విన్నాడు.

"సరే టీచరమ్మా. పందులు తిన్నాయంటావు. మాకీడ పందులు లేవే."

"పందులని కాదు కాపు గారూ. తిన్నదెవరో చూసి చెప్పండంటున్నా. ఇసుక ఉంది కదా, అదే చెబుతుంది."

"చూస్తే పోయేదేముంది? ఖాళీగానే ఉండాం గదా!" అని నవ్వాడు.

శనివారం పొద్దుగుంకే వేళ ముగ్గురం తిప్ప మీదికి పోయాం, పెద్దకాపు, ఆమె, నేను. గూళ్ళకి దూరంగానే ఆగాం. ఎండలో పిట్టని లేపితే గుడ్డు ఉడికిపోతుంది, అందుకే చల్లబడేదాకా కాచుకున్నాం. పాత తెప్ప చెక్క ఒకటి తాడుకి కట్టి, గూళ్ళ చుట్టూ వెడల్పుగా ఇసుక మీద ఈడ్చాం. పళ్ళెంలో పిండి సర్దినట్టు ఇసుక చదునైంది. పిట్టలు మా నెత్తిన అరుస్తూ, ముక్కుతో పొడవబోతున్నట్టు దూకుతూనే ఉన్నాయి. పెద్దకాపు తలపాగా సర్దుకుని, "మీకోసరమేనబ్బా, ఊరుకోండి" అని వాటికి నచ్చచెప్పాడు. ఆమె మాత్రం రేపు ఆ ఇసుక మీద తన కాలిగుర్తే పడి ఉంటుందేమో అన్నట్టు, అడుగులు ఆచితూచి వేసింది.

ఆదివారం ఆరాధనకి రాలేనని మా పాస్టరు గారికి ముందే చెప్పేశాను. "పిట్టల పనే అయితే ప్రభువు కోప్పడడులే" అన్నారాయన. మొదటి బస్సుకే దిగాను. సముద్రం మీద ఎర్రగా తెల్లవారుతోంది. తిప్ప మొదట్లో వాళ్ళిద్దరూ నిలబడి ఉన్నారు, ఎవరూ ముందుకు పోలేదు. నేను వచ్చేదాకా ఆగారట, సాక్ష్యం ముగ్గురిదీ కావాలని.

పోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. గూళ్ళ వైపు పిట్టల కేకలు మిన్నంటుతున్నాయి. ఆ కేకల కింద మూడు కుక్కలు. ముక్కులు ఇసుకకి ఆనించి, తీరిగ్గా, సొంత పెరట్లో తిరుగుతున్నట్టు తిరుగుతున్నాయి. ఒకటి ఆగి తల వంచింది, రెండు గుటకలు వేసింది, ముందుకు సాగింది. పెద్దకాపు అరుస్తూ పరిగెత్తాడు. పోయి చూస్తే చదునుచేసిన ఇసుక నిండా గోళ్ళతో సహా కుక్కల కాళ్ళ అచ్చులు. రాత్రి పడిన మనిషి అచ్చు ఒక్కటి లేదు. రాత్రంతా అవే తిరిగాయి. ఒక గుంటలో పెంకు ముక్క మిగిలింది, ఇంకోదాంట్లో అదీ లేదు. మరో పెంకుని ఒక కుక్క నోట కరుచుకుని పోయి, ఆమె పాక పక్కన నీడలో కూర్చుని నాకుతోంది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఉప్పు తిని బిరుసెక్కిన చెయ్యి. "చూసినావా మామా, చూసినావా!" అని పెద్దకాపుని అడుగుతూనే ఉంది. నాకు కూడా ఏడుపొచ్చింది, సంతోషంతోనే. ఒక ప్రశ్న వేస్తే ప్రపంచం నిజం చెప్పిన రోజులు బతుకులో ఎక్కువ ఉండవు.

పది గంటలకి ఐసు షెడ్డులో కూర్చున్నారు. నిషేధం కాలంలో ఐసు ఉండదు కాబట్టి ఖాళీ డబ్బాలే కుర్చీలు. పెద్దకాపు కళ్ళారా చూసింది చెప్పాడు. ఆమె మీద మాట పడ్డందుకు ఊరి తరఫున తప్పు ఒప్పుకున్నాడు. ఇక అయిపోయినట్టే అనుకున్నాను. కానీ తీరిక ఉన్న ఊరు కదా.

"కుక్కలకి మందు పెడదాం" అన్నాడొకడు.

"నీ ఇంటి కుక్కకే ముందు పెట్టు, అది కూడా ఉండిందిలే ఆడ" అన్నాడు పెద్దకాపు. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.

సంఘం కుర్రాళ్ళు ఇద్దరు వచ్చారు. తిప్పంతా సరుగుడు మొక్కలు నాటితే పిట్టలకి అడవి దొరుకుతుందని ఉత్సాహంగా చెప్పారు. నేను లేచాను. పావురానికి అడవి కావాలి నాయనా, దీనికి వట్టి ఇసుక కావాలి. చెట్టు పెడితే కాకి కూర్చోవడానికి కొమ్మ ఇచ్చినట్టు, పిట్ట ఇల్లు లాక్కున్నట్టు. ఏ ప్రాణి ఇల్లు ఏదో తెలియకుండా ఇల్లు కట్టిస్తామంటే ఎట్లా? ఇప్పటికే సముద్రం తిప్ప చివరని ఏటా కొంచెం కొరుక్కుంటోంది. కుర్రాళ్ళు మంచివాళ్ళు, మొహం చిన్నబుచ్చుకున్నా విన్నారు.

అక్కడితో కూర్చుని ఉంటే బాగుండేది. కానీ కొత్తగా చదివినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు. పెద్దకాపు "ఇన్నాళ్ళూ ఊళ్ళో ఉండిన కుక్కలు ఈ నెల్లోనే తిప్పకెందుకు పోయినాయి?" అని అడగ్గానే అందుకున్నాను. మామూలు రోజుల్లో ప్రతి ఇంటి ముందూ చేప తలలు, పేగులు పడతాయి. నిషేధం రాగానే అవి లేవు. ఆకలికి వాసన పట్టుకుని పోయాయి. డోడో దీవిలోనూ అంతే, ఓడలో వచ్చినవాడు తిన్నది తక్కువే కావచ్చు, వాడి వెంట వచ్చినవి తిన్నది ఎక్కువ. వాడికి పక్షి మీద పగ లేదు, పాపం, తన తిండి తను చూసుకున్నాడు. కాబట్టి వాసన ఎక్కడుందో చూడాలి, అన్నాను.

షెడ్డులో ఒకరొకరుగా ఆమె వైపు చూశారు. నా మాట ఎవరి మీదికి పోయిందో నాకు అప్పుడు అర్థమైంది. నిషేధంలో ఊరంతా ఖాళీ. ఉప్పుకాలువలో చేతివలలు విసిరేవాళ్ళ దగ్గర చిన్నచేప కొని ఆరేసేది ఆమె ఒక్కతే. ఊరి మొత్తానికి చేప వాసన ఉన్న చోటు తిప్ప మొదట్లో ఆమె పాక ఒక్కటే. అక్కడికి వచ్చిన కుక్కకి గూళ్ళు నాలుగడుగుల దూరం.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు, అందుకే భరించలేకపోయాను. నిజం ఆమెని కాపాడిందని పొద్దున్న గర్వపడ్డాను. అదే నిజాన్ని మధ్యాహ్నానికి ఆమె గుమ్మంలోకి నేనే తీసుకొచ్చాను.

"ఆయమ్మ తప్పేం లేదు. దురాయి లేదు, ఏం లేదు. ఆడే ఆరేసుకోనీ. కుక్కల్ని ఎవురింటివి వాళ్ళు కట్టేసుకోండి" అన్నాడు పెద్దకాపు. కట్టేసుకుంటామని అందరూ అన్నారు. ఎవరూ కట్టేయరని అందరికీ తెలుసు. ఊరకుక్కని కట్టే తాడు ఏ ఇంట్లోనూ ఉండదు.

ఆమె లేచి కొంగు దోపుకుంది. "నేను తీసేస్తే పిట్టలు బతుకుతాయా టీచరమ్మా?"

ఊరంతా నా వైపు తిరిగింది. బతుకుతాయని చెప్పడం ఎంత తేలిక! ఫ్లెక్సీ అయితే చెప్పేసేది. "కుక్కలు తగ్గుతాయక్కా. కాకులుంటాయి. తిప్పని సముద్రం కోస్తూనే ఉంటుంది. బతుకుతాయని నేను చెప్పలేను" అన్నాను.

"దురాయి వేసుంటే పోయుండేదాన్ని కాదు. కొట్లాడుండేదాన్ని. ఇప్పుడు నేనే తీసేస్తా" అంది పెద్దకాపుతో. అంతే, వెళ్ళిపోయింది.

మర్నాటికి పాక లేదు. తారు రోడ్డు పక్కన ఖాళీ జాగాలో పరదా పరిచి చేప ఆరేసింది. నేను చూస్తుండగానే కంపెనీ వ్యాను ఒకటి కృష్ణపట్నం వైపు పోతూ దాని మీద దుమ్ము కొట్టిపోయింది. ఆమె చేటతో విసిరింది, దుమ్ము పోలేదు. నెల్లూరు బజార్లో బేరగాళ్ళు మూతి విరిచి, పక్క గంపల వైపు పోయారట. చేప అదే, ఉప్పు అదే, ఆరేసే చెయ్యి కూడా అదే. తిప్ప ఇసుక మాత్రం లేదు. పరదా ఎత్తి కట్టడానికి వెదురు బద్దలు పంపిస్తే తీసుకుంది. జాలి మాటలు పంపించి ఉంటే తిరగ్గొట్టేదనుకుంటా.

కుక్కలు ఆమె వెంటే రోడ్డు పక్కకి వచ్చేశాయి. తిప్ప మీద మళ్ళీ ఇసుక చదును చేసి చూశాం. కాకుల గుర్తులున్నాయి, ఎండ్రకాయల గీతలున్నాయి, కుక్కలవి అరుదుగా ఉన్నాయి. గూళ్ళు చెడిన పిట్టల్లో కొన్ని మళ్ళీ గుడ్లు పెట్టాయి. వేట నిషేధం ముగిసే రోజుల్లో దూరం నుంచి చూస్తే ఇసుకే లేచి నడుస్తున్నట్టు పిల్లలు కదిలాయి. ఎక్కువ లేవు. నేను ఆశపడినన్ని లేవు.

ఆ సాయంత్రం ఆమెని కూడా తీసుకుపోయాను, దారిపొడుగునా సంచార పావురాల కథ చెబుతూ. వేలు చూపిస్తూ పిల్లల్ని లెక్కపెట్టింది. తర్వాత అడిగింది, "ఆ పావురాలు కొద్దిగా మిగిలినా చాల్లేదన్నారే. వీటికి ఎన్నుంటే చాలు?"

"నాకు తెలీదక్కా. ఎవరికన్నా తెలుసో లేదో కూడా తెలీదు."

తల ఊపింది. తన పాత జాగా వైపు ఒకసారి చూసింది, పాక గుంజలు పాతిన గుంటలు అప్పుడే గాలికి పూడిపోతున్నాయి.

"అయితే వచ్చే ఏడు కూడా రోడ్డు మీదే ఆరేస్తాలే" అంది.